సర్వే శాతాల మొత్తం 100 దాటితే: తప్పో ఒప్పో తేల్చే పద్ధతి

2009 నవంబర్‌లో అమెరికాలోని షికాగో ఫాక్స్ టీవీ స్టేషన్ ఒక గుండ్రటి పై చార్ట్ చూపించింది. 2012 అధ్యక్ష ఎన్నికలకు రిపబ్లికన్ నాయకుల్లో ఎవరికి ఎంత మద్దతు ఉందో చెప్పే చార్ట్ అది. సారా పేలిన్‌కు 70 శాతం, మైక్ హకబీకి 63, మిట్ రామ్నీకి 60. మొత్తం 193. ఆ మరుసటి నెలలోనే ఫాక్స్ న్యూస్ జాతీయ చానల్‌లో ఇంకో పట్టిక వచ్చింది. వాతావరణ మార్పు మీద కొందరు శాస్త్రవేత్తలు డేటాను తారుమారు చేసి ఉంటారా అన్న ప్రశ్నకు 59, 35, 26 శాతం అని మూడు జవాబులు చూపారు. మొత్తం 120.

రెండింటినీ జనం ఒకే గాటన కట్టి నవ్వుకున్నారు. కానీ రెంటి జబ్బూ ఒకటి కాదు. మొదటి దాంట్లో అంకెలు సరైనవే కావచ్చు, ఒకే వ్యక్తికి ముగ్గురూ నచ్చవచ్చు కదా. తప్పు వాటిని, ముక్కలన్నీ కలిసి 100 కావాల్సిన పై చార్ట్‌లో పెట్టడం. రెండో దాంట్లో ఒక గుంపునే రెండుసార్లు చూపించారు. ఇవి కాక 101 దగ్గర ఆగే పట్టికలు ఉంటాయి. వాటిలో చాలావరకు ఏ తప్పూ ఉండదు. కాబట్టి మొత్తం 100 దాటిందని కనిపెట్టడంతో పని అయిపోదు, ఎందుకు దాటిందో తేల్చాలి. రిపోర్ట్ చదివేవాళ్లకైనా, సొంతంగా సర్వే చేసి పట్టిక వేసేవాళ్లకైనా కింది వరుస పనికొస్తుంది.

మొదటి అడుగు: ఎంత దాటిందో చూడండి

పట్టికలో కనిపిస్తున్న శాతాలను మీరే కూడండి. కింద "మొత్తం 100" అని రాసి ఉన్నా నమ్మవద్దు. ఎక్సెల్‌లో, గూగుల్ షీట్స్‌లో సెల్‌కు దశాంశాలు తగ్గించి ఫార్మాట్ చేస్తే తెర మీద కనిపించే అంకె మాత్రమే మారుతుంది, లోపలి అంకె మారదు. మొత్తం లోపలి అంకెల నుంచి వస్తుంది. అందుకే పైన కనిపించేవి కూడితే 101 అవుతున్నా, కింద 100 అని దర్జాగా ఉంటుంది.

ఇప్పుడు ఆప్షన్ల సంఖ్యను 2తో భాగించండి. శాతాలు పూర్ణాంకాల్లో ఉంటే రౌండింగ్ వల్ల, అంటే దగ్గరి పూర్ణాంకానికి సవరించడం వల్ల, వచ్చే తేడా ఆ అంకెను మించదు. ఎందుకంటే ఒక్కో ఆప్షన్ దగ్గర మహా అయితే అర శాతం పెరుగుతుంది లేదా తగ్గుతుంది. మూడు ఆప్షన్లుంటే మొత్తం 101 దాకా, ఐదుంటే 102 దాకా రావచ్చు. ఐదు ఆప్షన్ల పట్టిక 104 చూపిస్తే అది రౌండింగ్ పని కాదు. శాతాలను ఒక దశాంశ స్థానం వరకు ఇచ్చి ఉంటే హద్దు పదో వంతుకు కుదించుకుపోతుంది: ఐదు ఆప్షన్లకు పావు శాతం. అప్పుడు 100.2 ఫరవాలేదు, 101.0 ఫరవా ఉంది.

ఒక చిన్న లెక్క చూడండి. 150 మందిని అడిగితే అవును అన్నవాళ్లు 55 మంది, కాదు అన్నవాళ్లు 55 మంది, చెప్పలేం అన్నవాళ్లు 40 మంది. శాతాలు 36.67, 36.67, 26.67. పూర్ణాంకాలకు సవరిస్తే 37, 37, 27. మొత్తం 101. ఎవరూ ఏ తప్పూ చేయలేదు, మూడూ పైకే జరిగాయి, అంతే.

ఇది ఎంత తరచుగా జరుగుతుందో 1967లోనే గణాంక శాస్త్రవేత్తలు ఫ్రెడరిక్ మోస్టెల్లర్, క్లియో యూట్జ్, డగ్లస్ జాన్ లెక్క కట్టారు. మామూలు పరిస్థితుల్లో మూడు ఆప్షన్ల పట్టిక సరిగ్గా 100కు కూడే అవకాశం నాలుగింట మూడు వంతులే. నాలుగు ఆప్షన్లకు మూడింట రెండు వంతులు. ఆప్షన్లు పెరిగేకొద్దీ ఇంకా తగ్గుతుంది. దీన్ని తిరగేసి కూడా వాడుకోవచ్చు, నాకు ఇదే ఎక్కువ పనికొచ్చే వైపు అనిపిస్తుంది. ఒక రిపోర్ట్‌లో నాలుగు ఆప్షన్ల పట్టికలు ఇరవై ఉండి, ఇరవైకి ఇరవై సరిగ్గా 100కు కూడాయంటే, ఎవరో కూర్చుని అంకెలను సర్దారని దాదాపు ఖాయం చేసుకోవచ్చు. అక్కడక్కడా 99, 101 కనిపించే రిపోర్ట్ మీదే కాస్త ఎక్కువ నమ్మకం పెట్టుకోవచ్చు.

రౌండింగ్‌లో నిజమైన తప్పు జరిగే వీలు కూడా ఉంది. సవరించిన అంకెను మళ్లీ సవరించడం. 35.48ను ఒకరు 35.5 అని రాసిస్తారు, దాన్ని తీసుకున్న ఇంకొకరు 36 అని వేస్తారు. అసలైతే అది 35. ఈ ఉదాహరణ కింద లెక్కలోనే మళ్లీ తగులుతుంది.

రెండో అడుగు: ప్రశ్న మాటలు చదవండి

తేడా రౌండింగ్ హద్దు దాటితే పట్టికను వదిలి ప్రశ్నపత్రం దగ్గరికి వెళ్లాలి. "కారణాలు ఏమిటి", "ఏవేవి", "వర్తించేవన్నీ టిక్ చేయండి", "ఇంకేమైనా ఉందా" లాంటి మాటలుంటే ఒకరు ఎన్ని జవాబులైనా ఇవ్వవచ్చు. అప్పుడు 100 దాటడం మామూలే.

మన దేశంలో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే దీనికి చక్కటి నమూనా. 2015-16లో జరిగిన నాలుగో విడతలో, ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే సాధారణంగా ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లమని దాదాపు 55 శాతం కుటుంబాలు చెప్పాయి. ఎందుకు వెళ్లరని ఆ కుటుంబాలను అడిగితే వైద్యం నాణ్యత బాగోదని 48 శాతం, దగ్గరలో ఆసుపత్రి లేదని 45 శాతం, చాలాసేపు వేచి ఉండాలని 41 శాతం అన్నారు. ఈ మూడు కారణాలకే 134 అయింది, ఇంకా వేరే కారణాలు మిగిలే ఉన్నాయి. ఇక్కడ తప్పేం లేదు. ఒకే కుటుంబం మూడు కారణాలూ చెప్పవచ్చు.

ఇలాంటి పట్టికలో మొత్తం కంటే హారం మీద కన్నేయడం ముఖ్యం. ఆ 48 శాతం దేశంలోని అన్ని కుటుంబాల్లో 48 శాతం కాదు, ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లని కుటుంబాల్లో 48 శాతం. అన్ని కుటుంబాల మీద లెక్కేస్తే 55లో 48 శాతం, అంటే సుమారు 26. "సగం కుటుంబాలు ప్రభుత్వ వైద్యం బాగోదంటున్నాయి" అని శీర్షిక పెట్టేవాళ్లు పడేది ఈ గోతిలోనే. మొత్తం 100 దాటడం వల్ల ఎవరికీ నష్టం లేదు, హారం మారిపోతే మాత్రం వార్తే మారిపోతుంది.

ఒకటి కంటే ఎక్కువ జవాబులు అనుమతించిన పట్టికకు కూడా హద్దులున్నాయి. ఏ ఒక్క ఆప్షనూ 100 దాటకూడదు. దాటితే ఒకే మనిషి రెండుసార్లు ఫారం నింపారని, లేదా భాగించిన అంకె తప్పని అర్థం. "ఏవైనా రెండు ఎంచుకోండి" అని అడిగి ఉంటే మొత్తం 200 దాటకూడదు. ఇంకోవైపు, ప్రతి ఒక్కరూ కనీసం ఒకటి టిక్ చేయాల్సిన ప్రశ్నలో, ఆప్షన్లన్నీ చూపించిన పట్టికలో, రౌండింగ్ తేడా మినహా మొత్తం 100 కంటే తక్కువ రాకూడదు. 93 వస్తే ఆ ప్రశ్నను వదిలేసిన వాళ్లను కూడా హారంలో కలిపారేమో చూడాలి. 100 దాటిన పట్టికను అందరూ అనుమానిస్తారు, ఈ 93ను ఎవరూ పట్టించుకోరు.

మూడో అడుగు: ఒకదానిలో ఒకటి ఉన్నాయేమో చూడండి

ఒకే జవాబు ఇవ్వాల్సిన ప్రశ్న, తేడా రౌండింగ్‌కు అందనంత పెద్దది. అప్పుడు ముందుగా అనుమానించాల్సింది, ఒక వరుస ఇంకో వరుసలో భాగమై ఉండటం. పైన చెప్పిన 120 శాతం పట్టిక అచ్చంగా ఇదే. సర్వే చేసిన రాస్ముస్సేన్ సంస్థ చెప్పింది, "కనీసం కొంతవరకైనా అవకాశం ఉంది" అన్నవాళ్లు 59 శాతం అని. వాళ్లలోనే "చాలా అవకాశం ఉంది" అన్నవాళ్లు 35 శాతం. టీవీలో ఆ 59ను "కొంతవరకు" అనే వేరే గుంపుగా, 35ను "చాలా" అనే ఇంకో గుంపుగా పక్కపక్కన పెట్టేశారు. 59లోంచి 35 తీసేస్తే "కొంతవరకు" అన్నవాళ్లు 24 శాతమే. 35, 24, అవకాశం లేదన్న 26 కలిపితే 85. మిగిలిన 15 తేల్చుకోలేనివాళ్లు. టీవీ పట్టికలో వాళ్లకు చోటే లేదు.

దీన్ని పట్టుకునే చిట్కా ఒకటుంది. 100 మీద ఎంత ఎక్కువ వచ్చిందో ఆ అంకె పట్టికలో ఏ వరుసకైనా సమానంగా ఉందా చూడండి. ఉంటే ఆ వరుసను రెండుసార్లు లెక్కపెట్టి ఉంటారు. ఇక్కడ ఆ చిట్కా నేరుగా పనిచేయదు: ఎక్కువ వచ్చింది 20, రెండుసార్లు లెక్కపెట్టింది 35. ఎందుకంటే 15 శాతం మందిని వదిలేశారు కూడా. ఒక తప్పు ఇంకో తప్పును కొంత కప్పేసింది. వదిలేసిన గుంపు 35 శాతం ఉండి ఉంటే మొత్తం సరిగ్గా 100 వచ్చేది, ఎవరికీ అనుమానం రాకపోయేది. "తెలియదు", "చెప్పలేం" వరుస కనిపించని పట్టిక మొత్తం ఎంత కూడినా, ఆ వరుస ఎటు పోయిందో అడగాలి.

నాలుగో అడుగు: శాతాలను మళ్లీ మనుషులుగా మార్చండి

సర్వేలో ఎంతమంది పాల్గొన్నారో తెలిస్తే ప్రతి శాతాన్నీ తలల లెక్కకు మార్చి చూడవచ్చు. చిన్న సర్వేల్లో ఇది బాగా పనిచేస్తుంది. 40 మందిని అడిగితే ఒక్కో మనిషి 2.5 శాతం. 12 మంది అంటే 30 శాతం, 13 మంది అంటే 32.5. మధ్యలో 31 రావడానికి దారే లేదు. 40 మంది సర్వే అని చెప్పి 31 శాతం చూపిస్తే, ఆ ప్రశ్నకు 40 మందీ జవాబివ్వలేదని, లేదా అంకె తప్పని అర్థం.

రెండు పరిమితులు గుర్తుంచుకోండి. వంద మంది దాటాక ప్రతి పూర్ణాంక శాతమూ సాధ్యమే అవుతుంది కాబట్టి ఈ పరీక్షతో ఏమీ దొరకదు. పెద్ద సర్వేల్లో ఒక్కో జవాబుకు జనాభాను బట్టి వెయిట్ కడతారు, అంటే కొన్ని జవాబులను ఎక్కువగా, కొన్నింటిని తక్కువగా లెక్కిస్తారు. కుటుంబ ఆరోగ్య సర్వే అలాంటిదే. అక్కడ శాతాన్ని పాల్గొన్నవాళ్ల సంఖ్యతో గుణించినా తలల లెక్క తేలదు, తేలకపోవడం తప్పూ కాదు.

సొంత సర్వేలో: ఒక ఉదాహరణ మొదటి నుంచి చివరి దాకా

ఒక కాలేజీలో 240 మంది విద్యార్థులను గూగుల్ ఫామ్స్‌లో "కాలేజీకి ఎలా వస్తారు? వర్తించేవన్నీ ఎంచుకోండి" అని అడిగారనుకుందాం. ఆప్షన్లు ఆర్టీసీ బస్సు, బైక్, ఆటో, షేర్ ఆటో, నడక. చెక్‌బాక్స్ ప్రశ్న కాబట్టి షీట్‌లోకి వచ్చేసరికి ఒకరి జవాబులన్నీ ఒకే సెల్‌లో కామాలతో చేరతాయి: "ఆటో, నడక" లాగా. జవాబులు B2 నుంచి B241 వరకు ఉన్నాయి. చాలామంది వెంటనే రాసే ఫార్ములా ఇది:

```
=COUNTIF(B2:B241,"*ఆటో*")
```

దీంట్లో ఒక ఉచ్చు ఉంది. "షేర్ ఆటో"లో కూడా "ఆటో" ఉంది కదా, అది కూడా లెక్కలోకి వచ్చేస్తుంది. ఈ ఉదాహరణలో ఆటో టిక్ చేసినవాళ్లు 66, షేర్ ఆటో టిక్ చేసినవాళ్లు 60, రెండూ టిక్ చేసినవాళ్లు 18 అనుకోండి. ఈ ఫార్ములా 66 బదులు 108 ఇస్తుంది. ఆటో వాటా 27.5 శాతం నుంచి 45కు ఎగబాకుతుంది. చెక్‌బాక్స్ ప్రశ్నలో మొత్తం 100 దాటుతుందని ముందే తెలుసు కాబట్టి, మొత్తం పెరిగినా ఎవరూ పట్టించుకోరు. ఈ పద్ధతిలో అసలు ప్రమాదం ఇదే: దాటడం మామూలే అన్న ధీమా చాటున నిజమైన తప్పు దాక్కుంటుంది.

సరైన లెక్కకు జవాబు ముందూ వెనకా కామా చేర్చి, ఆప్షన్‌ను కామాలతో సహా వెతకాలి:

```
=SUMPRODUCT(--ISNUMBER(FIND(", ఆటో, ", ", "&B2:B241&", ")))
```

దీంతో 66 వస్తుంది. మిగతావి కూడా ఇలాగే లెక్కిస్తే ఆర్టీసీ బస్సు 132, బైక్ 84, షేర్ ఆటో 60, నడక 30. మొత్తం టిక్కులు 372. ఈ 372 సరైనదో కాదో వేరే దారిలో సరిచూడాలి. ఒక్కో సెల్‌లో కామాల కంటే జవాబులు ఒకటి ఎక్కువ ఉంటాయి. కాబట్టి అన్ని కామాలనూ, నిండిన సెల్స్ సంఖ్యనూ కూడితే సరిపోతుంది:

```
=SUMPRODUCT(LEN(B2:B241)-LEN(SUBSTITUTE(B2:B241,",","")))+COUNTA(B2:B241)
```

ఇది కూడా 372 ఇస్తే నిశ్చింతగా ముందుకు వెళ్లవచ్చు. తప్పు ఫార్ములాతో చేసి ఉంటే ఆప్షన్ల మొత్తం 414 వచ్చి, ఇక్కడ 372 వచ్చి, తేడా బయటపడేది. ఈ సరిచూపు పనిచేయాలంటే ఆప్షన్ల పేర్లలోనే కామా ఉండకూడదు. "బస్సు, రైలు" అని ఒక ఆప్షన్ పెడితే షీట్‌లో అది రెండు జవాబుల్లా కనిపిస్తుంది. "ఇతర" గడిలో జనం సొంతంగా రాసే మాటల్లోనూ కామాలుంటాయి. అవి ఉంటే ఆ సెల్స్‌ను చేత్తోనే చూడక తప్పదు.

ఇప్పుడు శాతాలు. 372 టిక్కులను 240 మందితో భాగిస్తే 1.55, అంటే సగటున ఒకరు ఒకటిన్నర ఆప్షన్లు ఎంచుకున్నారు. మనుషుల మీద శాతాలు కడితే 55, 35, 27.5, 25, 12.5. మొత్తం 155. ఇది ఆ 1.55నే శాతంగా చెప్పడం. ఈ పొంతన ప్రతిసారీ కుదరాలి. కుదరకపోతే ఏదో ఒక ఆప్షన్‌కు వేరే హారం వాడినట్టే.

కొందరికి 155 చూస్తే టెన్షన్ వచ్చి, 372తో భాగించి 100కు తెస్తారు. అప్పుడు ఆర్టీసీ బస్సు 35.5 శాతం అవుతుంది. లెక్క తప్పు కాదు, కానీ ఇది "టిక్కుల్లో 35.5 శాతం", విద్యార్థుల్లో కాదు. సగం మందికి పైగా బస్సెక్కే కాలేజీలో మూడో వంతు మందే బస్సులో వస్తారని చదివేవాళ్లకు అనిపిస్తుంది. బస్సులు పెంచమని అడగడానికి ఈ సర్వే చేసి ఉంటే, చేజేతులా వాదనను బలహీనపరచుకున్నట్టే. పైగా ఈ 35.5 నిజానికి 35.48. దాన్ని 36గా వేస్తే మిగతావి 23, 18, 16, 8తో కలిపి 101 అవుతుంది. మూలంలోని 35.48 నుంచి సవరిస్తే 35 వచ్చి మొత్తం సరిగ్గా 100 అవుతుంది. పైన చెప్పిన రెండుసార్ల రౌండింగ్ ఇదే.

ఇంకో మాట. రెండు రకాల ఆటోలనూ కలిపి ఒకే వరుసగా చూపాలనుకుంటే 27.5, 25 కూడి 52.5 అనకూడదు. రెండూ టిక్ చేసిన 18 మంది రెండుసార్లు పడతారు. ఏదో ఒక ఆటో వాడేవాళ్లు 66, 60 కలిపి అందులోంచి 18 తీసేస్తే 108 మంది, అంటే 45 శాతం. తప్పు ఫార్ములా ఇచ్చిన అంకె ఇదే కావడం చూడండి. ప్రశ్న మార్చి చూస్తే అదే సరైన జవాబు. ఎక్కువ జవాబులిచ్చే పట్టికల్లో శాతాలను కూడి కొత్త వరుస తయారుచేయవద్దు, ముడి జవాబుల దగ్గరికి వెళ్లి మళ్లీ లెక్కపెట్టండి.

ప్రచురించేటప్పుడు

రౌండింగ్ వల్ల 101 వస్తే దాన్ని అలాగే ఉంచి, పట్టిక కింద "రౌండింగ్ కారణంగా మొత్తం 100 కాకపోవచ్చు" అని ఒక్క వాక్యం రాస్తే చాలు. పెద్ద వరుసలోంచి ఒక శాతం తగ్గించి 100 చేయడం కొన్ని చోట్ల అలవాటు. నేనైతే వద్దంటాను. పక్క పేజీలో అదే అంకె వేరేగా కనిపించి ఏది నిజమో తెలియకుండా పోతుంది. తప్పనిసరిగా 100 చూపాల్సి వస్తే ఒక దశాంశం పెంచి చూడండి. చాలాసార్లు సమస్య కంటికి ఆననంత చిన్నదవుతుంది.

ఎక్కువ జవాబుల పట్టికకు మొత్తం వరుసే పెట్టవద్దు. దాని స్థానంలో "జవాబిచ్చినవాళ్లు 240 మంది. ఒకరు ఒకటి కంటే ఎక్కువ ఎంచుకోవచ్చు కాబట్టి శాతాల మొత్తం 100 దాటుతుంది" అని రాయండి. ఇందులో 240 అనే అంకె రెండో వాక్యం కంటే ముఖ్యం. చార్ట్ అయితే బార్ చార్టే. గూగుల్ ఫామ్స్ కూడా చెక్‌బాక్స్ ప్రశ్నకు బార్ చార్టే గీస్తుంది, పై చార్ట్‌ను ఒకే జవాబు ప్రశ్నలకు ఉంచుతుంది. షీట్‌లోకి తీసుకెళ్లి ఆ అంకెలనే పై చార్ట్‌లో పెడితే సాఫ్ట్‌వేర్ ఏ అభ్యంతరమూ చెప్పదు, 155ను మొత్తం వృత్తంగా తీసుకుని ముక్కలు కోసేస్తుంది. 55 అని రాసిన ముక్క వృత్తంలో మూడో వంతు కంటే కాస్త పెద్దగా, అంటే సగానికి తక్కువగా కనిపిస్తుంది. అంకెలు కూడి చూడకపోయినా, సగం దాటిన శాతం సగం కంటే చిన్న ముక్కలో కూర్చుని ఉందంటే ఆ చార్ట్‌లో శాతాల మొత్తం 100 దాటిందని తెలిసిపోతుంది.